డిపాజిట్‌ను ఫ్లాట్ రాబడిలో కలపాలా, వద్దా?

మాధవి: నాలుగు ఫ్లాట్ల అద్దె లెక్క ఒక షీట్‌లో పెట్టుకున్నాను. ఫ్లాటుకో వరుస. అద్దె, గడువు తేదీ, డిపాజిట్, రిపేర్లు, చివర్న నికర రాబడి శాతం. రెండో ఫ్లాట్ కొన్న ఖర్చు మొత్తం 40,00,000. అద్దె నెలకు 15,000. పన్ను, బీమా, మెయింటెనెన్స్ కలిపి ఏడాదికి 24,000. పోయినేడు రిపేర్లు 3,000, ఈ ఏడు 18,000. పోయినేడు 45,000 డిపాజిట్ తీసుకున్నాను. ఈ ఏడు పదకొండో నెలాఖరున ఖాళీ చేశారు. పాడుచేసిన తలుపు, సింకు కోసం 10,000 పట్టుకుని 35,000 తిరిగిచ్చాను. షీట్‌లో రాబడి పోయినేడు 4.95 శాతం, ఈ ఏడు 2.2 శాతం వస్తోంది. అద్దె మారనేలేదు. డిపాజిట్‌ను రాబడిలో కలపొచ్చా? ఆ 10,000 ఎక్కడ రాయాలి?

శ్రీధర్: కలిపితే తప్పేం లేదండీ. బ్యాంకులోకి వచ్చింది రాక, బ్యాంకు నుంచి పోయింది పోక. మీ అంకెలు నేను వేసి చూశాను. పోయినేడు మిగిలింది 1,98,000, ఈ ఏడు 88,000. కలిపితే 2,86,000. డిపాజిట్ తీసేసి లెక్కేసినా రెండేళ్ల మొత్తం అంతే వస్తుంది. ఒక ఏడు ఎక్కువ, ఇంకో ఏడు తక్కువ, చివరికి సమం. ఈ మాత్రం దానికి షీట్ మార్చుకోనక్కర్లేదు.

పద్మజ: శ్రీధర్ గారు చెప్పిన మొత్తం సరైనదే. కానీ మాధవి గారు చూసుకునేది ఏడాదివారీ శాతం. దాన్ని బట్టే ఏ ఫ్లాట్ ఉంచుకోవాలి, ఏది అమ్మాలి, ఎక్కడ అద్దె పెంచాలి అని నిర్ణయిస్తారు. డిపాజిట్ తీసుకున్న రోజున ఆ 45,000 మీ డబ్బు కాదు, తిరిగివ్వాల్సిన బాకీ. బాకీని రాబడిగా రాస్తే ఆ ఏడు 1.125 శాతం గాలికి పెరుగుతుంది, తిరిగిచ్చిన ఏడు సరిగ్గా అంతే పడిపోతుంది. మనిషి అయిదేళ్లు ఉంటే ఆ పడిపోవడం అయిదేళ్ల తర్వాత వస్తుంది. అప్పటికి కారణం ఎవరికీ గుర్తుండదు.

అసలు లెక్క ఇది. పోయినేడు అద్దె 1,80,000. అందులో 24,000, రిపేర్ల 3,000 తీస్తే 1,53,000, అంటే 3.83 శాతం. ఈ ఏడు పదకొండు నెలల అద్దె 1,65,000. దీనికి పట్టుకున్న 10,000 కలపండి. ఆ రోజు నుంచి అది బాకీ కాదు, మీదే. 24,000, 18,000 తీస్తే 1,33,000 మిగులుతుంది, 3.33 శాతం. అంటే ఫ్లాట్ సగానికి పైగా కూలిపోలేదు. ఒక నెల ఖాళీ, ఒక రిపేరు, వాటి మేరకే తగ్గింది.

ఇది ఫ్లాటుకో వరుస ఉండే షీట్‌లో కుదరదు. ఒకే గడిలో డిపాజిట్ రావడం, కొంత పట్టుకోవడం, పోవడం మూడూ పట్టవు. విడిగా `Ledger` అని ఒక షీట్ పెట్టి, డబ్బు కదిలిన ప్రతిసారీ ఒక వరుస రాయండి. A తేదీ, B ఫ్లాట్, C రకం, D మొత్తం, E ఏ నెల అద్దె. వచ్చింది ప్లస్, పోయింది మైనస్. రకాలు అయిదు చాలు: `RENT`, `DEP`, `KEPT`, `REPAIR`, `EXP`. డిపాజిట్ వచ్చిన రోజు `DEP` 45000. ఖాళీ చేసిన రోజు `DEP` -35000. పట్టుకున్న దానికి ఒకే తేదీతో రెండు వరుసలు: `DEP` -10000, `KEPT` 10000. ఈ రెండూ కలిపితే సున్నా, ఎందుకంటే ఆ రోజు బ్యాంకులో ఏమీ కదల్లేదు. పేరు మారిందంతే.

సారాంశం షీట్‌లో A2లో ఫ్లాట్ పేరు, F2లో కొన్న ఖర్చు, H1, H2ల్లో ఏడాది మొదలు, ముగింపు తేదీలు ఉన్నాయనుకుంటే, నికర రాబడి:

```
=SUMIFS(Ledger!D:D,Ledger!B:B,A2,Ledger!C:C,"<>DEP",Ledger!A:A,">="&$H$1,Ledger!A:A,"<="&$H$2)/F2
```

చేతిలో ఉన్న డిపాజిట్:

```
=SUMIFS(Ledger!D:D,Ledger!B:B,A2,Ledger!C:C,"DEP")
```

రెండో దానికి తేదీలు పెట్టకండి. బాకీకి ఏడాది హద్దు లేదు, అది తీరేదాకా బాకీయే.

హరి: అసలు 45,000 మూడు నెలల అద్దే కదా. ఆరు నెలలది తీసుకోండి, రాబడి దానంతట అదే పెరుగుతుంది.

పద్మజ: హరి గారూ, ప్రశ్న ఎంత తీసుకోవాలని కాదు, ఎలా రాయాలని. 90,000 తీసుకున్నా పై ఫార్ములాలో రాబడి రవ్వంత కూడా మారదు, మారకూడదు కూడా. ఆ డబ్బు మీద వడ్డీ వస్తే, అది చట్టప్రకారం మీకే చెందేదైతే, దాన్ని రాబడిలో చూపొచ్చు. కొన్నిచోట్ల డిపాజిట్‌ను వేరే ఖాతాలో ఉంచాలని, వడ్డీ అద్దెకున్న వాళ్లకే ఇవ్వాలని నిబంధన ఉంటుంది. అక్కడ వడ్డీ కూడా `DEP` లోకే పోవాలి.

రజాక్: నా సమస్య ఇంకోటి. అద్దెకున్నాయన చివరి రెండు నెలలు అద్దె కట్టలేదు, డిపాజిట్‌లో సరిచూసుకోమన్నాడు. నేను మిగతాది ఇచ్చేశాను. షీట్‌లో మాత్రం ఆ రెండు నెలలు ఎర్రరంగులో బకాయిగానే ఉండిపోయాయి. ఇది కూడా `KEPT` అని రాయాలా?

పద్మజ: కాదు రజాక్ గారూ. పట్టుకున్నది దేనికో ఆ పేరుతోనే రాయాలి. అది అద్దె కనుక నెలకో జత: `DEP` మైనస్, `RENT` ప్లస్. E గడిలో ఏ నెల అద్దెకు సరిపెట్టారో ఆ నెల వేయండి. బకాయి చూసే ఫార్ములా తేదీని కాకుండా E గడిని చూస్తే ఎర్రరంగు పోతుంది. `KEPT` అని రాస్తే మొత్తం సరిపోతుంది గానీ, రెండు నెలలు అద్దె రాలేదన్న అబద్ధం షీట్‌లో నిలిచిపోతుంది.

కౌసల్య: గడువు తేదీల మాట వచ్చింది గనుక ఒకటి. నెలాఖరు గడువు ఉన్న ఫ్లాట్లకు పై గడికి ఒక నెల కలుపుకుంటూ పోతే తేదీ జారిపోతుంది. జనవరి 31కి `EDATE` ఒక నెల కలిపితే ఫిబ్రవరి 28. దానికి మళ్లీ ఒకటి కలిపితే మార్చి 28. ఇక ఎప్పటికీ 28యే. మొదటి తేదీ గడిని కదలకుండా పట్టుకుని `=EDATE($G$2,2)` అని నెలల సంఖ్య మార్చుకుంటూ పోతే మార్చి 31 సరిగ్గా వస్తుంది.

ఇక `KEPT` తేదీ. పద్మజ గారి ఉదాహరణలో ఖాళీ చేయడం, రిపేరు ఒకే ఏడాదిలో పడ్డాయి కాబట్టి ఇబ్బంది కనబడలేదు. డిసెంబరు 30న ఖాళీ చేసి, తలుపు జనవరిలో బాగుచేయిస్తే? ఆ 10,000 ఈ ఏడు రాబడి, ఖర్చేమో వచ్చే ఏడు. మళ్లీ అదే ఎగుడుదిగుడు.

పద్మజ: నిజమే. అందుకే నేనైతే `KEPT` జతను రిపేరు బిల్లు కట్టిన తేదీకే వేస్తాను. అప్పటిదాకా 10,000 `DEP` లోనే ఉంటుంది.

కౌసల్య: దానికి నేను ఒప్పుకోను. లెక్క తేల్చి, ఇద్దరూ సంతకం చేశాక ఆయనకు మీరు బాకీ లేరు. అయినా మీ షీట్ ఖాళీ ఫ్లాటుకు 10,000 డిపాజిట్ చూపిస్తుంటుంది. ఈలోపు కొత్తవాళ్లు దిగి 45,000 ఇస్తే గడిలో 55,000 కనబడుతుంది. వాళ్లు వెళ్లేటప్పుడు ఆ అంకె చూసి తిరిగిచ్చే ప్రమాదం ఉంది.

పద్మజ: ఆ ప్రమాదం ఉన్నమాట వాస్తవం. ఫ్లాటుతో పాటు ఒప్పందం సంఖ్య కూడా ఒక గడిలో రాసి, డిపాజిట్‌ను ఒప్పందం వారీగా కూడితే అది తీరుతుంది. అదొక అదనపు పని, అందరూ చేయకపోవచ్చు. రెండింట్లో ఏ తేదీ పెట్టుకున్నా అన్ని ఫ్లాట్లకూ అదే పెట్టుకోవాలి, లేకపోతే ఒకదానితో ఒకటి పోల్చడానికి పనికిరాదు.

శ్రీధర్: ఏడాదివారీ పోలిక సంగతి ఒప్పుకుంటున్నాను. కానీ ఈ `KEPT` అనే రకం ఎందుకండీ? రిపేరు 18,000లో 10,000 వాళ్లే భరించారు. మీ చేతి ఖర్చు 8,000. `REPAIR` -8000 అని రాస్తే అదే 1,33,000 వస్తుంది. ఒక రకం తగ్గుతుంది.

పద్మజ: రాబడి అంతే వస్తుంది. పోయేది వేరే. అప్పుడు ఆ 8,000 అనే అంకె ఏ బిల్లుతోనూ కలవదు, బ్యాంకు స్టేట్‌మెంట్‌తోనూ కలవదు. వడ్రంగికి, ప్లంబర్‌కు, రంగులకు మీరు కట్టింది 18,000. పైగా రిపేర్ల కాలమ్ చూసి ఒక ఫ్లాటులో ఏది పదేపదే పాడవుతోందో తెలుసుకోవాలి. సింకు కింద రెండేళ్లలో మూడుసార్లు లీకైతే, ఒకసారి అద్దెకున్న వాళ్లు ఖర్చు పెట్టుకున్నారు కదా అని ఆ బిల్లు కనిపించకుండా పోకూడదు. రంగుల్లాంటి మామూలు అరుగుదలను మాత్రం డిపాజిట్‌లో పట్టుకోవద్దు. అది యజమాని ఖర్చు. మాధవి గారు పాడైన వాటికే 10,000 పట్టుకుని, మిగతా 8,000 తామే భరించారు, అదే పద్ధతి.

మాధవి: మీరు చెప్పినట్టే వరుసలన్నీ రాశాను. ఈ ఏడు 3.33 వచ్చింది. పోయినేడు మాత్రం ఇంకా 4.95 దగ్గరే ఉంది. డిపాజిట్ గడిలో సున్నా రావాల్సింది మైనస్ 45,000 చూపిస్తోంది. ఫార్ములా మూడుసార్లు సరిచూశాను.

పద్మజ: ఫార్ములా సరిగ్గానే ఉంది. పోయినేడు 45,000 వచ్చిన వరుసలో రకం గడి చూడండి. `DEP` తర్వాత ఒక ఖాళీ అక్షరం పడి ఉంటుంది. చిన్నక్షరాలు, పెద్దక్షరాలు ఈ ఫార్ములాకు ఒకటే, కానీ ఖాళీ ఉంటే అది వేరే మాట. అందుకే అది డిపాజిట్ మొత్తంలో చేరలేదు, "డిపాజిట్ కానివి" అన్న లెక్కలో రాబడిగా చేరిపోయింది. ఈ పద్ధతికి ఉన్న అసలు బలహీనత ఇదే: తప్పుగా రాసిన ప్రతి రకమూ రాబడిలోకే పోతుంది. C కాలమ్ మొత్తానికి డేటా వాలిడేషన్‌లో అయిదు పేర్ల జాబితా పెట్టి, వేరే ఏది రాసినా తిరస్కరించేలా చేయండి. డిపాజిట్ గడి ఎప్పుడు మైనస్‌లోకి పోయినా ముందు చూడాల్సింది ఇదే.

మాధవి: ఖాళీయే ఉంది! తీసేశాక 3.83 వచ్చింది, డిపాజిట్ సున్నా. జాబితా కూడా పెట్టేశాను. ఇంకో ప్రశ్న: నాలుగో ఫ్లాటులో వంటగది మొత్తం మార్చడానికి 1,20,000 అయింది. అది రిపేరా, కొన్న ఖర్చులో కలపాలా?

శ్రీధర్: రిపేరే. డబ్బు ఈ ఏడే పోయింది కదా.

కౌసల్య: పాతది ఉన్నట్టుగా బాగుచేస్తే రిపేరు. ముందు లేనిది వచ్చి, దానివల్ల అద్దె పెరిగితే కొన్న ఖర్చులో కలపండి. పన్ను లెక్కకు మాత్రం మీ చోటి నిబంధనే చూసుకోవాలి, అది ఈ షీట్‌తో కలవాలనేం లేదు.

పద్మజ: నేను మూడో దారి పడతాను. ఆ వంటగది పదేళ్లు నిలుస్తుందనుకుంటే ఏడాదికి 12,000 చొప్పున పంచుతాను, బ్యాంకు లెక్కకు అసలు మొత్తం విడిగా ఉంచుతాను. పదేళ్లు అన్నది నా ఊహే కాబట్టి కౌసల్య గారు దీనికీ ఒప్పుకోరు. కొత్త వంటగది తర్వాత అద్దె పెరిగిందా, మాధవి గారూ?