ఒకే గుంపులోని టిష్యూ కల్చర్ అరటి మొక్కలు హెచ్చుతగ్గులుగా ఎందుకు పెరుగుతున్నాయి?

ప్రశ్న అడిగిన సభ్యుడు:
గ్రాండ్ నైన్ రకం మొక్కలను 1,200 వరకు ప్రయోగశాల నుండి సీసాలలోనే తెచ్చుకొని, వాటిని మెల్లగా బయటి వాతావరణానికి అలవాటు చేసే హార్డెనింగ్ మొదటిసారిగా నేనే చేపట్టాను. వేళ్లకు అంటిన జెల్లీని కడిగి, ప్రోట్రేలలో కొబ్బరి పొట్టులో నాటి, పాలిథీన్ గుడారం కింద నాలుగు వారాలు ఉంచాను. ఆ తరువాత మట్టి సంచులలోకి మార్చి, షేడ్‌నెట్ కింద ఐదు వారాలుగా పెంచుతున్నాను. ఇప్పుడు సుమారు 700 మొక్కలు ఆరేసి ఆకులతో అడుగు ఎత్తు ఉన్నాయి. 350 మొక్కలు నాలుగు ఆకుల దగ్గరే ఉండగా, మిగిలిన 150 మరీ చిన్నవిగా ఉన్నాయి. టిష్యూ కల్చర్ మొక్కలు చేనులో ఒకే తీరుగా పెరుగుతాయని అందరూ చెబుతారు కదా, మరి నా మొక్కలలో ఈ తేడా ఎందుకు వచ్చింది? చేనులో నాటాక చిన్నవి పెద్దవాటిని అందుకుంటాయా?

ఒక సభ్యుడు:
ఇవన్నీ ఒకే తల్లి మొక్క కణజాలం నుండి వచ్చినవి కాబట్టి జన్యువులు ఒకటే ఉంటాయి, అందుకే ఒకేలా పెరుగుతాయి. మీకు తేడా వచ్చిందంటే వేర్వేరు తల్లుల మొక్కలను కలిపి ఇచ్చి ఉంటారు. ముందు ప్రయోగశాల వారిని నిలదీయండి.

నర్సరీ నడుపుతున్న సభ్యురాలు:
జన్యువులు ఒకటే అన్న మాట నిజమే, కానీ కారణం అక్కడితో ఆగదు. తోటలో తవ్వి తీసే పిలకలకు కూడా తల్లి జన్యువులే ఉంటాయి, అయినా పిలకలతో వేసిన తోటలో గెలలు ఒకేసారి రావు. ఒక పిలక దుంప అరకిలో ఉంటే మరొకటి రెండు కిలోలు ఉంటుంది. ఒకటి నెలల క్రితం పుట్టినది, మరొకటి మొన్న పుట్టినది. తవ్వేటప్పుడు ఒకదానికి వేళ్లు ఎక్కువ తెగుతాయి, మరొకదానికి తక్కువ తెగుతాయి. అవి నాటిన రోజు ఒకటే అయినా వాటి వయసు ఒకటి కాదు. టిష్యూ కల్చర్ మొక్కకు దుంపలో దాచుకున్న నిల్వ అంటూ ఉండదు. అన్నీ ఒకే వయసులో, ఒకే పరిమాణంలో, తెగని వేళ్లతో మొదలవుతాయి. అరటి పువ్వు వేసే సమయాన్ని పగటి నిడివి కంటే మొక్క వేసిన ఆకుల సంఖ్య, అది పెరిగిన పరిమాణం ఎక్కువగా నిర్ణయిస్తాయి కాబట్టి, సమానంగా మొదలైన మొక్కలు ఇంచుమించు ఒకే కాలంలో గెల వేస్తాయి. అంటే చేనులో మనం చూసే సమానత నాటే రోజున ఉన్న సమానతే. దానిని నిలబెట్టేదీ, పోగొట్టేదీ హార్డెనింగే.

మీరు గుడారాన్ని ఎప్పుడు తెరిచారు? చిన్న మొక్కలున్న ట్రేలు ఎక్కడ ఉండేవి?

ప్రశ్న అడిగిన సభ్యుడు:
లోపల వేడి ఎక్కువైందని ఐదో రోజున గాలి వచ్చే వైపు పాలిథీన్‌ను పూర్తిగా ఎత్తి కట్టాను. అంచులు ఎండిపోయిన ట్రేలు ఆ వైపువే అని ఇప్పుడు గుర్తుకు వస్తోంది.

నర్సరీ నడుపుతున్న సభ్యురాలు:
కారణం దాదాపుగా అదే. సీసాలో గాలి నిండా తేమే ఉంటుంది కాబట్టి అక్కడ పుట్టిన ఆకుకు పైన మైనపు పొర సరిగా ఏర్పడదు, దాని పత్రరంధ్రాలు మూసుకోవడం కూడా నేర్చుకోవు. అది జెల్లీలోని చక్కెర మీద బతికిన ఆకు. దానిని బయటి గాలిలో పెడితే వేళ్లు అందించగలిగిన దానికంటే వేగంగా నీరు పోతుంది. దీనిని మీరే పరీక్షించుకోవచ్చు: సీసాలో పుట్టిన ఆకును, ట్రేలో పుట్టిన కొత్త ఆకును తుంచి నీడలో బల్ల మీద పక్కపక్కనే ఉంచితే, మొదటిది ముందుగా వాడిపోయి ముడుచుకుంటుంది. బయట పుట్టిన కొత్త ఆకులు రెండు పూర్తిగా విచ్చుకునేవరకు మొక్క ఆ పాత ఆకుల మీదే ఆధారపడాలి కనుక, మొదటి వారం పది రోజులు గుడారంలో తేమ 90 శాతానికి తగ్గకుండా చూసుకోవాలి. వేడి ఎక్కువైతే పాలిథీన్ తెరవకూడదు. పైన మరొక నీడ వల కప్పి, సన్నని తుంపర ఇవ్వాలి. ఆ తరువాత సాయంత్రం ఒక గంట, మరునాడు రెండు గంటలు అన్నట్లు మెల్లగా తెరుస్తూ పోవాలి.

మీ గాలి వైపు మొక్కలు పాత ఆకులను ముందే పోగొట్టుకొని, కొత్త ఆకు వేయడానికి మళ్లీ మొదటి నుండి బలం కూడగట్టుకున్నాయి. ప్రయోగశాలను తప్పుపట్టడానికి ఇందులో ఆధారం నాకు కనిపించడం లేదు.

మరొక సభ్యుడు:
మా మొక్కల లేత ఆకుల మీద ఎర్రటి గోధుమ రంగు మచ్చలు వచ్చాయి. ఇవి కూడా గాలి తగలడం వల్లే వచ్చాయా? తెగులు మందు కొట్టమంటారా?

నర్సరీ నడుపుతున్న సభ్యురాలు:
మీది వేరే విషయం. ఈ జాతి అరటిలో చిన్న టిష్యూ కల్చర్ మొక్కల ఆకులకు అటువంటి ఎర్ర మచ్చలు సహజం. మొక్క పెద్దదయ్యేకొద్దీ వచ్చే కొత్త ఆకులలో అవి కనిపించవు, మందు అవసరం లేదు. భయపడవలసినవి ఆకు కాడ మీద, నడి ఈనె వెంట ముదురు ఆకుపచ్చ చుక్కలు, గీతలు. ఆకులు ఇరుకుగా, నిటారుగా, గుత్తిగా వస్తే అది బంచీ టాప్ వైరస్ కావచ్చు. అటువంటి మొక్కను వెంటనే తీసి నాశనం చేయాలి.

పిలకలతో సాగు చేసే రైతు:
నేను సూది పిలకలనే బరువు చూసి మూడు తరగతులుగా వేరు చేసి, ఒక్కో తరగతిని ఒక్కో మడిలో నాటుతాను. నా తోటలో గెలల మధ్య తేడా అంత ఎక్కువగా ఉండదు. సమానత కోసం సీసా మొక్కలే కావాలా అన్నది నా సందేహం.

నర్సరీ నడుపుతున్న సభ్యురాలు:
మీ పద్ధతి మంచిదే, తేడా నిజంగానే తగ్గుతుంది. అయితే ఒకే బరువు ఉన్న రెండు పిలకల వయసు ఒకటే కానవసరం లేదు, దుంపలోని పురుగునూ వైరస్‌నూ తక్కెడ పట్టుకోలేదు. మీ తోటలో తల్లి మొక్కలు ఆరోగ్యంగా ఉన్నంతకాలం మీ మాటను నేను కాదనను.

ఇక మొదటి ప్రశ్నకు వస్తే, వెచ్చని కాలంలో అరటి వారం పది రోజులకు ఒక ఆకు వేస్తుంది. ఆరు ఆకుల మొక్కకూ నాలుగు ఆకుల మొక్కకూ మధ్య ఉన్న తేడా రెండు మూడు వారాలే. వాటిని కలిపి నాటితే ఆ తేడా అక్కడితో ఆగదు. పెద్దదాని నీడ చిన్నదాని మీద పడి, ఆ తేడా నెలనెలా పెరుగుతుంది. కాబట్టి 700 మొక్కలను ఇప్పుడు ఒక మడిలో నాటండి. నాటే ముందు పది రోజులు నీడను తగ్గిస్తూ ఎండకు అలవాటు చేయడం మరవకండి. 350 మొక్కలను మరో రెండు మూడు వారాలు సంచులలోనే ఉంచి, వేరే మడిలో నాటండి. అంతకు మించి ఉంచితే వేళ్లు సంచి అడుగున చుట్టుకుపోతాయి.

మిగిలిన 150 మొక్కలలో ఒక్కొక్కదానినీ చూడాలి. కొత్త ఆకు పాతదానికంటే పొడవుగా వస్తుంటే అది దెబ్బ తిని కోలుకుంటున్న మొక్క. కాడ పొట్టిగా, ఆకు వెడల్పుగా, ఆకులన్నీ ఒకచోట కిక్కిరిసినట్లు ఉండి, కొత్త ఆకు కూడా అలాగే వస్తుంటే అది రూపం మారిన మరుగుజ్జు మొక్క, ఎంత ఎరువు వేసినా మారదు. ప్రయోగశాలలో ఎక్కువసార్లు విడదీసి పెంచితే ఇటువంటివి పెరుగుతాయి.

మొదట సమాధానమిచ్చిన సభ్యుడు:
అలాంటి మరుగుజ్జులు 150లో చాలా ఉంటే, ప్రయోగశాలను అడగాలన్న నా మాట పూర్తిగా తప్పు కాదు కదా?

నర్సరీ నడుపుతున్న సభ్యురాలు:
కాదు. అవి గాలి వైపు ట్రేలలోనే కాక అన్ని ట్రేలలోనూ చెదురుగా ఉంటే తప్పక అడగాలి.

ప్రశ్న అడిగిన సభ్యుడు:
ఈ రోజు చూశాను. 150లో 118 గాలి వైపు ట్రేల నుండి వచ్చినవే, వాటి కొత్త ఆకులు పొడవుగానే వస్తున్నాయి. మిగిలిన 32లో తొమ్మిదింటి కాడలు పొట్టిగా ఉన్నాయి, కానీ మరొక ఆకు విచ్చుకోనిదే తేల్చుకోలేకపోతున్నాను. వాటికి గుర్తు కట్టి విడిగా పెట్టాను.