విత్తన క్యాలెండర్ కోసం మెయిల్ ఇస్తున్నారు, కానీ కన్ఫర్మ్ చేయడం లేదు

మిద్దె తోట గురించి ఇన్‌స్టాగ్రామ్‌లో వీడియోలు పెడతాను. ఫాలోవర్లు 11,400 మంది. వాళ్లలో ఇష్టమున్నవాళ్లను మెయిల్ లిస్టులోకి తెచ్చుకోవాలని, ఏ నెలలో ఏ విత్తనం వేయాలో చెప్పే రెండు పేజీల పీడీఎఫ్ తయారు చేశాను. కామెంట్‌లో "విత్తనం" అని రాస్తే మెసేజ్‌లో లింక్ వెళ్తుంది. తర్వాత మళ్లీ ఎవరినీ అడగను, గుర్తుచేయను.

రెండు వారాల లెక్క ఇది: కామెంట్ పెట్టినవాళ్లు 212, పేజీ తెరిచినవాళ్లు 131, మెయిల్ ఐడీ ఇచ్చినవాళ్లు 58, ఆ ఐడీకి వెళ్లిన మెయిల్‌లో లింక్ నొక్కి కన్ఫర్మ్ చేసినవాళ్లు 23. చివరి మెట్టు దగ్గరే సగానికి పైగా పోతున్నారు, నన్ను బాధపెడుతున్నది అదే. నా ఐడీతో ప్రయత్నిస్తే కన్ఫర్మేషన్ మెయిల్ ప్రమోషన్స్ ట్యాబ్‌లో పడింది.

ఫారంలో పేరు, ఫోన్ నంబరు తీసేశాను. సబ్జెక్టును "మీ విత్తన క్యాలెండర్ ఇదిగో" అని మార్చాను. ఫారం నింపాక వచ్చే పేజీలో "ప్రమోషన్స్ కూడా చూడండి" అని రాశాను. పెద్దగా తేడా లేదు. ఒక వారం కన్ఫర్మేషన్ తీసేసి చూశాను. వచ్చిన 40 ఐడీల్లో 9 తప్పుగా టైప్ చేసినవే, "gmial.com" లాంటివి. మెయిళ్లు వెనక్కి వచ్చేశాయి. అలా వస్తూ ఉంటే మిగతావాళ్లకు వెళ్లేవి కూడా స్పామ్‌లో పడతాయేమోనని భయపడి మళ్లీ పెట్టేశాను.

ఇప్పుడు పీడీఎఫ్‌ను మెయిల్ అడగకుండానే ఇచ్చేసి, అందులో ప్రతి నెల పక్కన "ఈ నెల మొదట్లో గుర్తుచేయమంటారా?" అని సైన్‌అప్ లింక్ పెట్టాలనుకుంటున్నాను. ఇలా ముందు ఇచ్చి తర్వాత అడిగినవాళ్లు ఉంటే, మీకు కన్ఫర్మ్ చేసినవాళ్లు పెరిగారా, తగ్గారా?