అప్‌డేట్: రాయగడ నుంచి ఆ 'వద్దు' మెయిల్ పంపేశాను

నా ప్రశ్న: "విశాఖలో వచ్చిన ఉద్యోగం ఆఫర్ వదులుకుని రాయగడలోనే ఉండాలనుకుంటున్నాను. మేనేజర్‌గారు నొచ్చుకోకుండా ఎలా రాయాలి?"

గడువుకు రెండు రోజుల ముందే పంపాను. మొదట "ప్రస్తుతానికి కుదరదు" అని రాస్తే అక్క చదివి, "జీతం పెంచమంటున్నావనుకుంటారు" అంది. నిజమే. అందుకే రెండో వాక్యంలోనే తేల్చేశాను: "బాగా ఆలోచించి, ఈ ఆఫర్ తీసుకోకూడదని నిర్ణయించుకున్నాను. ఇంటి పరిస్థితుల వల్ల రాయగడలోనే ఉండాల్సి వస్తోంది." జీతం మాట ఎత్తలేదు. ఇంటర్వ్యూలో స్టాక్ లెక్కల్లో తేడా ఎలా పట్టుకోవాలో ఆయన ఓపికగా చూపించారు, దానికి విడిగా థాంక్స్ చెప్పాను. హెచ్‌ఆర్‌ను కాపీలో పెట్టాను.

టెన్షన్‌తో మధ్యాహ్నం అన్నం సహించలేదు. సాయంత్రం ఆయనే ఫోన్ చేశారు: "ముందే చెప్పి మంచి పని చేశావు, రెండో క్యాండిడేట్ ఇంకా వేరే చోట చేరలేదు. ఎప్పుడైనా ఇటు వస్తే కలువు."