జీడితోట కొలతకు ఎల్5 ఉన్న ఫోన్ అవసరమా?

ఉద్దానం_తోట: కవిటి దగ్గర మాది 40 సెంట్ల జీడితోట. అన్నదమ్ములం వాటాల మాట ఎత్తేముందు ఫోన్ పట్టుకుని గట్టు చుట్టూ తిరిగి విస్తీర్ణం చూసుకోవాలని ఉంది. మామూలు జీపీఎస్ సిగ్నల్ ఎల్1తోపాటు ఎల్5 అనే రెండో ఫ్రీక్వెన్సీ సిగ్నల్ కూడా అందుకునే ఫోన్‌కి ఏడు వేలు ఎక్కువ చెబుతున్నారు. పెట్టొచ్చా?

కోట_జంక్షన్: ఆలోచించకుండా తీసుకోండి. విజయనగరం పాత సందుల్లో నా పాత ఫోన్ నేను ఇళ్ల మీదుగా నడిచినట్టు గీత గీసేది. ఇప్పటిది రోడ్డు దాటి పోదు. పైగా ఎల్5 ఉందంటే మన దేశపు శాటిలైట్ల నావిక్ కూడా ఉన్నట్టే.

గొలుసు_టేపు: సందుల సంగతి మీరన్నది నిజమే. అక్కడ సిగ్నల్ ఎదుటి మేడ గోడకు తగిలి, చుట్టు తిరిగి ఆలస్యంగా వస్తుంది. ఎల్1 కోడ్‌లో ఒక్కో ముక్క పొడవు దాదాపు 293 మీటర్లు, ఎల్5లో 29 మీటర్లే. ముక్క పొట్టిదైతే నేరుగా వచ్చినదాన్ని, గోడకు తగిలి వచ్చినదాన్ని ఫోన్ విడదీయడం తేలిక. కానీ తోటలో మేడలు లేవు కదా. పక్క కొమ్మకో మొదలుకో తగిలి వచ్చే సిగ్నల్ రెండు మూడు మీటర్లే వెనకబడుతుంది, దాన్ని ఎల్5 కూడా సరిగ్గా విడదీయలేదు. ఆకులు మాత్రం ఎల్1, ఎల్5 రెండు సిగ్నళ్లనూ నీరసపరుస్తాయి.

రెండు ఫ్రీక్వెన్సీల ఇంకో బలం ఆకాశంలో పైనుండే విద్యుదావేశ పొర అయనావరణం వల్ల సిగ్నల్‌కు వచ్చే ఆలస్యాన్ని లెక్కగట్టి తీసేయగలగడం. మన అక్షాంశాల్లో, అందులోనూ మధ్యాహ్నం పూట, ఆ తప్పు మీటర్లలోనే ఉంటుంది. అయితే మీరు పది నిమిషాల్లో తోట చుట్టి వచ్చేస్తే ఆ తప్పు నాలుగు మూలలకూ దాదాపు ఒకేలా పడుతుంది. తోట మొత్తం మ్యాపులో కాస్త పక్కకు జరుగుతుంది, విస్తీర్ణం మారదు. మీ లెక్క చెడగొట్టేది ఒక మూల ఒకవైపు, ఇంకో మూల ఇంకోవైపు జరగడం. ఆ రకం తప్పుకే ఎల్5 మందు తక్కువ.

బండి_మీద: నాకూ ఇదే బాధ సార్! డెలివరీకి బండి ఆపి చూస్తే మ్యాపులో బాణం ఎటో తిరిగిపోతోంది. జైరోస్కోప్ లేని ఫోన్ కొన్నానేమో అని టెన్షన్.

గొలుసు_టేపు: మీది వేరే సంగతి తమ్ముడూ. బండి నడుస్తున్నప్పుడు దిక్కు శాటిలైట్ల నుంచే తెలుస్తుంది, ఆగితే దిక్సూచి మీద ఆధారపడాలి. హోల్డర్‌లోనో ఫోన్ కవర్‌లోనో అయస్కాంతం ఉందేమో చూడండి. తీసేసి, ఫోన్‌ను గాలిలో ఎనిమిది అంకెలా తిప్పి మళ్లీ చూడండి. జైరో ఉంటే మలుపు తిరిగినప్పుడు బాణం చకచకా తిరుగుతుంది, కానీ ఉత్తరం ఎటో దానికి తెలియదు.

పలాస_గుంటడు: బారోమీటర్ ఉంటే తోట కొలత ఇంకా కచ్చితంగా వస్తుందన్నారు ఎవరో?

గొలుసు_టేపు: అది చెప్పేది ఎత్తు. సముద్రమట్టం దగ్గర గాలి ఒత్తిడి ఒక హెక్టోపాస్కల్ తగ్గితే దాదాపు ఎనిమిదిన్నర మీటర్లు ఎక్కినట్టు. మహేంద్రగిరి ఎక్కేవాళ్లకు పనికొస్తుంది. అదీ వాతావరణం నిలకడగా ఉంటేనే, వాయుగుండం దగ్గరకొస్తే కూర్చున్నచోటే ఎత్తు పెరిగినట్టు చూపిస్తుంది.

ఉద్దానం_తోట: సరే గానీ, ఎన్ని సెంట్లు తేడా రావొచ్చో చెప్పండి గురువుగారూ.

గొలుసు_టేపు: 40 సెంట్లంటే సుమారు 40 మీటర్ల పొడవు, 40 మీటర్ల వెడల్పు అనుకోండి. తూర్పు గట్టు ఒక్కటీ ఫోన్‌లో మూడు మీటర్లు బయటికి జరిగిందంటే 120 చదరపు మీటర్లు కలిసినట్టే. సెంటు 40.47 చదరపు మీటర్లు కాబట్టి దాదాపు మూడు సెంట్లు. కొమ్మల కింద మూడు మీటర్ల తప్పు ఏ ఫోన్‌కైనా వింత కాదు. తిరిగేటప్పుడు ఆగకుండా నడిస్తే యాప్ గీతను నున్నగా చేసే పనిలో మూలలు కోసేస్తుంది. ప్రతి మూలలో నిమిషం నిలబడి, ఫోన్‌ను వెల్లకిలా పట్టుకుని, అప్పుడు పాయింట్ పెట్టండి. ఒకసారి కుడివైపుగా, ఇంకోసారి ఎడమవైపుగా తిరగండి. రెండు లెక్కలకూ రెండు మూడు సెంట్లు తేడా వస్తే ఫోన్ మాట వదిలేసి టేపు లాగండి. నాలుగు భుజాలతోపాటు ఒక కర్ణం కూడా కొలవాలి, లేకపోతే విస్తీర్ణం తేలదు.

ఇక నావిక్ మాట. అది ఎల్5లో ప్రసారం చేస్తుంది, నిజమే. కానీ ఫోన్‌లోని చిప్ కూడా దాన్ని అందుకునేది కావాలి. షాపులో డెమో ఫోన్ బయటికి తెచ్చి GPSTest అనే యాప్ తెరవండి. CF అన్న నిలువు వరుసలో L5, యూరప్ శాటిలైట్లకైతే E5a, ఎన్ని శాటిలైట్లకు కనిపిస్తున్నాయో చూస్తే డబ్బా మీద రాసిన దానికంటే ఎక్కువ తెలుస్తుంది.

కోట_జంక్షన్: తోటలో ఎల్5 దండగ అంటే నేను ఒప్పుకోను. గట్టు పక్కన రేకుల షెడ్డు ఉంటేనో, ఊరి ఇళ్లు ఆనుకుని ఉంటేనో?

గొలుసు_టేపు: షెడ్డుకు ఆనుకునే నిలబడితే అదీ దగ్గరి దెబ్బే. కాస్త దూరంగా మేడలుంటే మాత్రం లాభం ఉండొచ్చు. ఎంతన్నది ఫోన్‌ను బట్టి, యాంటెన్నాను బట్టి ఉంటుంది.

ఉద్దానం_తోట: ఇళ్లు పడమర గట్టువైపు ఉన్నాయండి. మా బావగారి దగ్గర ఎల్5 ఫోన్ ఉంది. పాతదీ అదీ రెండూ పట్టుకుని తిరిగి లెక్కలు పెడతాను.

కోట_జంక్షన్: పడమర మూలలు రెండూ విడిగా పెట్టండి. అసలు గొడవ అక్కడే.