మేనమామనే లగ్గానికి పోలేకపోతే ఎట్ల చెప్పాలె?

పాకాల తమ్ముడు: మా అక్క బిడ్డ లగ్గం నర్సంపేటల, వచ్చే నెల. నేనే మేనమామను, ఒక్కన్నే. మా ఆమెకు బీపీ పెరిగిందని డాక్టరమ్మ అదే వారంల కాన్పు ఆపరేషన్ పెట్టింది, హన్మకొండ ఇడిచిపెట్టి పోయేటట్టు లేదు. ఇప్పుడే అక్కకు చెప్పాల్నా, లేకపోతే ఏమో చూద్దాం అనుకుంట చివరి దాకా ఆగాల్నా? ఇంట్ల రెండు రకాలుగ అంటున్నరు.

కాజీపేట బాబాయ్: ఇప్పుడే చెప్పకు. పత్రికలు పంచుతున్నప్పుడు మేనమామ వస్తలేడు అంటే అక్క మనసు ఇరుగుతది, లగ్గం పనులు ఏం సాగుతయి. "చూస్తా అక్కా" అను, ముందు రోజు ఫోన్ చెయ్. అయినా పురుడు ఉన్నోళ్లు శుభకార్యానికి పోవద్దు కద, అదే చెప్తే ఎవ్వరు ఏమనరు.

ఓరుగల్లు పెద్దమ్మ: బాబాయ్, పురుడు అనేది పుట్టినంక కద, ఇంకా పుట్టనే లేదు. ఇంకోటి, చుట్టం రాకుంటె ఒక ఇస్తరి మిగుల్తది అంతే, మేనమామ రాకుంటె పిల్లను మండపంలకు తోలుకొచ్చేది ఎవరు? చూస్తా అంటే వాళ్లు వస్తడనే అనుకుంటరు. మా వాడకట్టుల ఒక లగ్గంల గిట్లనే అయింది, అయ్యగారు పిల్లను తీస్కరండి అని పిలుస్తున్నడు, ఆడోళ్లు గేటు దిక్కు చూస్తున్నరు, ఆయన ఫోన్ స్విచాఫ్. వరుసైనోన్ని ఇంకొకన్ని దొరకబట్టేసరికి పిల్ల ఏడ్సుడే ఏడ్సుడు.

తమ్మీ, నువ్ రేపే చెప్పు. వాట్సాప్ గ్రూపుల పెట్టకు, వీలైతే ఒక పూట పోయి రా, నర్సంపేట ఎంత దూరం, పొద్దుగాల పోతే మధ్యాహ్నానికి ఇంట్ల ఉంటవ్. కారణం ఒక్క ముక్కల చెప్పు: "అక్కా, దానికి ఆపరేషన్ అదే వారం ఇచ్చిన్రు, నేను రాలేను, నాకు మస్తు బాధైతుంది." రిపోర్టులు, డాక్టరమ్మ ఏమన్నది అంత చెప్పుకుంట కూసుంటే సాకు లెక్క వినిపిస్తది. అక్క కోపం చేస్తే చేయనీ, మధ్యల అడ్డం మాట్లాడకు.

ఆమె జర నిమ్మలపడ్డంక అడుగు, నా జాగల ఎవర్ని నిలబెడ్దాం అని. మీ చిన్నాయన కొడుకు ఉంటె ఆయన గూడ పిల్లకు మేనమామనే. కని నువ్వే ముందుగాల ఆయనతోని మాట్లాడి ఖాయం చేసి పోకు, అక్క మనసుల ఎవరున్నరో ఎవరికి తెలుసు. ఆమె పేరు చెప్పినంక నువ్ ఫోన్ చెయ్.

బట్టలు గూడ ఆ రోజే తీస్కపో. అక్కకు చీర, బావకు బట్టలు, పిల్లకు పట్టుచీర. ఆపరేషన్ ముందుకు జరిగి లగ్గం కంటె ముందే పురుడొస్తే, ఆ ఇంటి నుంచి వచ్చిన బట్టలు పిల్లకు కట్టనియ్యరు మా అసుంటి ముసలోళ్లు.

జగిత్యాల టు దుబాయ్: నేను మా చెల్లె లగ్గానికి పోలేదు, కంపెనీ సెలవియ్యలే. వీడియో కాల్ల చూసిన, జీలకర్ర బెల్లం టైంకు బ్యాండోళ్ల సప్పుడుకు ఏం వినవడలే, ఫోన్ పట్టుకున్న పోరడు కెమెరా పందిరి దిక్కు పెట్టిండు. అన్నా, నువ్వు దేశంలనే ఉన్నవ్, పొద్దుగాల పోయి లగ్గం చూసి రా, గంటన్నర పని.

పాకాల తమ్ముడు: లగ్గం రాత్రి ముహూర్తం అన్నా, ఆ రోజు ఆమె దవాఖానల ఉంటది, ఇంకెవ్వరు లేరు.

సుబేదారి కోడలు: అందరు అక్క గురించే చెప్తున్నరు, ఆ పిల్లతోని గూడ విడిగ మాట్లాడు అన్నా. నా లగ్గానికి మా మామ రాలే, అమ్మకు చెప్పిండు, నాయినకు చెప్పిండు, నాకైతే ఒక్క ముక్క చెప్పలే. ఆరేండ్లైంది, ఇంక యాదికుంది నాకు. బట్టలు ఇచ్చేటప్పుడు పక్కకు పిలిచి, చీర రంగు నచ్చిందా బిడ్డా అని అడిగినా సాలు. తర్వాత మీ ఇంట్ల ఇరవై ఒకటో రోజు తొట్టెల చేస్తరు కద, కొత్త జంటను దానికి పిలువున్రి, పేరు వాళ్లతోనే పిలిపియ్యున్రి.

కాజీపేట బాబాయ్: సరే, చెప్పుడే మంచిదనుకుందాం. కట్నం మాత్రం ఫోన్‌పే చేస్తే అయిపోతది, ఎవలతోనో పంపుడెందుకు?

ఓరుగల్లు పెద్దమ్మ: ఫోన్‌పే చేస్తే బుక్కుల పేరెక్కది. ఆ చిన్నాయన కొడుకు చేతికే 1116 ఇచ్చి నీ పేరు మీద రాపియ్యమను. మేనమామ పేరు లేని బుక్కు రేపు వియ్యాలోళ్లు చూస్తే ఏమనుకుంటరు?

కాజీపేట బాబాయ్: ఇప్పుడు ఎవరు చూస్తున్నరమ్మా బుక్కులు, మా ఇంట్ల లగ్గమైతే సగం మంది స్కానర్ల మీదనే కొట్టిన్రు.

పాకాల తమ్ముడు: ఆదివారం పోతున్న పెద్దమ్మా. చీర మాత్రం మా ఆమెనే కొంటదట, నన్ను నమ్మదు. బుక్కు సంగతి బావనే అడుగుత.