బరువు తగ్గాక బుగ్గలు లోపలికి పోయాయి: రెండు మూడు కిలోలు మళ్లీ పెరిగితే ముఖం నిండుతుందా?

వాసంతి (పటమట, విజయవాడ):
వయసు 46, ఎత్తు 157 సెంటీమీటర్లు. షుగర్ వచ్చే హద్దుకు చేరానని డాక్టరు చెప్పడంతో తిండి మార్చి, నడక మొదలుపెట్టాను. ఐదు నెలల్లో 78 కిలోల నుంచి 64కి వచ్చాను. మోకాళ్ల నొప్పి పోయింది. కానీ బుగ్గలు లోపలికి పోయాయి, దవడ దగ్గర చర్మం వదులైంది. మొన్న గుంటూరులో పెళ్లికి వెళితే ప్రతి ఒక్కరూ ‘ఒంట్లో బాగాలేదా’ అనే అడిగారు. రెండు మూడు కిలోలు తిరిగి పెరిగితే ముఖం నిండుతుందా? లేక ఆగితే అదే సర్దుకుంటుందా?

బ్రాడీపేట ట్రైనర్:
మేడమ్, మీరు మరీ వేగంగా తగ్గారు, అదే కారణం. నెమ్మదిగా తగ్గినవారికి బుగ్గలు పోవు. నా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది అన్నం మానేసి రెండు నెలల్లో పది కిలోలు తగ్గి, పీక్కుపోయిన ముఖంతో వస్తారు. రోజూ గుడ్లు, పప్పు, పెరుగు సరిపడా తినండి, బరువులు ఎత్తండి, కండ నిలుస్తుంది. ఆవకాయ, అప్పడాలు తగ్గిస్తే పొద్దున్నే ముఖం ఉబ్బడం కూడా తగ్గుతుంది. దవడ గీత తేలాలంటే రోజూ అరగంట చూయింగ్ గమ్ నమలండి.

కాలేజీ లెక్చరర్ (గుంటూరు):
నేను మాత్రం పెరగమనే చెబుతాను. 2009లో అమెరికాలో కవలలను పోల్చి చూసిన ఒక పరిశోధన వచ్చింది. నలభై దాటని కవలల్లో ఎక్కువ బరువున్నవారు వయసులో పెద్దగా కనిపించారు. నలభై దాటినవారిలో ఇది తిరగబడింది, బరువున్నవారే చిన్నగా కనిపించారు. మన పెద్దవాళ్లు ‘కాస్త ఒళ్లుంటేనే కళ’ అనేది ఊరికే కాదు. 46 ఏళ్ల ముఖానికి కొంత కొవ్వు అండ కావాలి. పెళ్లిలో నలుగురి ముందు జబ్బుమనిషిలా నిలబడటం ఎంత బాధో నాకు తెలుసు.

చర్మవైద్యురాలు (సూర్యారావుపేట):
వాసంతి గారూ, ముందు ట్రైనర్ గారి మాట చూద్దాం. ఐదు నెలలంటే సుమారు 21 వారాలు. 14 కిలోలను 21తో భాగిస్తే వారానికి 650 గ్రాముల పైచిలుకు. మీ బరువులో ఒక శాతం లోపే. ఇది మితిమీరిన వేగం కాదు. ప్రోటీన్, బరువులు ఎత్తడం గురించి ఆయన చెప్పింది అక్షరాలా నిజం, మానకండి. అయితే వాటివల్ల నిలిచేది ఒంట్లోని కండ. బుగ్గల నిండుదనం చాలావరకు చర్మం కింది కొవ్వుది, అది ఎత్తిన బరువులకు పెరగదు. ఉప్పు తగ్గిస్తే దిగేది ఒకటి రెండు రోజుల నీటివాపు మాత్రమే.

ఇక గమ్. నమిలినకొద్దీ పెరిగేది చెవి కింద, దవడ మూల మీద ఉండే కండరం. పళ్లు గట్టిగా బిగించి అక్కడ వేలు పెడితే అది ఉబ్బడం తెలుస్తుంది. అది పెరిగితే ముఖం కింది భాగం వెడల్పవుతుంది, వేలాడే చర్మం పైకి లేవదు. దవడ కీలు నొప్పితో నా దగ్గరకు వచ్చి, అడిగితే గమ్ సంగతి చెప్పిన కుర్రవాళ్లను చూశాను.

అసలు ప్రశ్న, రెండు మూడు కిలోలు. టొరంటో విశ్వవిద్యాలయంవారు 2015లో ముఖాల ఫొటోలను కంప్యూటర్‌లో కొద్దికొద్దిగా లావుగా, సన్నగా మార్చి జనానికి చూపించారు. చూసేవారి కంటికి తేడా ఆనాలంటే, ఎత్తుతో పోల్చి బరువును చూపే బీఎంఐ సుమారు 1.33 మారాలని తేలింది. మీ ఎత్తుకు అది మూడుంపావు కిలోలు. అంటే రెండు కిలోలు పెరిగితే మీ చీర కుచ్చిళ్లకు తెలుస్తుంది గానీ, పెళ్లిలో ఎదురైనవారికి తెలియదు. ఆ ముఖాలు 20 నుంచి 40 ఏళ్లవారివి, కాబట్టి మీకు ఇదే కొలత అని పట్టుబట్టను. పైగా పెరిగే కొవ్వు బుగ్గల్లోకే వెళ్లాలని మనం శాసించలేం. అది ముందు ఎక్కడ చేరాలో పుట్టుకతో వచ్చిన శరీర తీరు చూసుకుంటుంది. నలభై దాటిన ఆడవాళ్లలో అది ఎక్కువగా పొట్టకే పోతుంది.

లెక్చరర్ గారు చెప్పిన కవలల పరిశోధన నాకూ తెలుసు. అందులో తేడా బీఎంఐ నాలుగు పాయింట్లు. వాసంతి గారి ఎత్తుకు అది దాదాపు పది కిలోలు. ఆమెను మళ్లీ 74 కిలోలకు తీసుకెళ్లి, షుగర్ హద్దుకు చేర్చి, బుగ్గలు నిండాయని సంతోషించమంటారా? ఇప్పటికీ ఆమె బీఎంఐ 26. భారతీయులకు 23 దాటితేనే ఎక్కువ బరువు అంటాం.

కాలేజీ లెక్చరర్ (గుంటూరు):
పది కిలోలని నేను అనలేదు. కానీ ఆ పరిశోధన దిక్కు చూపిస్తోంది కదా. నలభై తర్వాత కొవ్వు పోవడం ముఖానికి నష్టమే అన్నది మీరూ కాదనడం లేదు.

చర్మవైద్యురాలు (సూర్యారావుపేట):
కాదనను. నష్టాన్ని రెండు కిలోలతో పూడ్చలేమనే అంటున్నాను.

అరండల్‌పేట కుర్రాడు:
డాక్టర్ గారూ, నా సమస్య దీనికి పూర్తిగా వ్యతిరేకం. వయసు 23. ఆరు కిలోలు తగ్గాను, నడుము రెండంగుళాలు తగ్గింది, బుగ్గలు మాత్రం అలాగే గుండ్రంగా ఉన్నాయి. నోటి లోపలి నుంచి బుగ్గల కొవ్వు తీసేసే ఆపరేషన్ ఉందట కదా. వాసంతి ఆంటీకి బుగ్గలు ఎలా పోయాయో నాకు అలా పోవాలి. ఎంత ఖర్చవుతుంది?

చర్మవైద్యురాలు (సూర్యారావుపేట):
బాబూ, ఆమె బుగ్గల్లో కరిగిందీ నువ్వు తీయించుకోవాలనుకుంటున్నదీ ఒకటి కాదు. ఆమెకు తగ్గింది ముఖ్యంగా చర్మానికి దగ్గరగా ఉన్న పొర. నువ్వు చెబుతున్నది నమిలే కండరానికి ముందువైపు, లోతుగా ఉండే చిన్న కొవ్వు ముద్ద. ఒంటి బరువుతో అది పెద్దగా మారదు, అందుకే కొందరు ఎంత తగ్గినా ముఖం గుండ్రంగానే ఉంటుంది. దాన్ని తీశాక తిరిగి రాదు. 46 ఏళ్లకు ఈ ప్రశ్న అడిగింది ఎవరో, ఎందుకు అడిగారో మరోసారి చదువు. ఖర్చు సంగతి నేను చెప్పను.

కృష్ణలంక సుబ్బారావు:
అమ్మా వాసంతీ, నాకు 67. నేనూ తొమ్మిది కిలోలు తగ్గాను. బ్యారేజీ వైపు పొద్దున నడిచే మిత్రులంతా ‘సుబ్బారావు, దవడలు పీక్కుపోయాయే’ అన్నారు. నేనూ తగ్గడం వల్లే అనుకుని రోజూ నెయ్యి వేసుకుని తిన్నాను. నాలుగు కిలోలు పెరిగాను, బుగ్గ అలాగే ఉంది. చివరకు పళ్ల డాక్టరు చూసి, పై దవడ పళ్లు తీయించుకుని నాలుగేళ్లుగా కట్టించుకోకపోవడమే కారణమన్నాడు. పళ్లు కట్టించుకున్నాక బుగ్గకు లోపల ఆనిక దొరికింది. నీకు అలాంటిదేమీ లేదు కదా తల్లీ?

వాసంతి (పటమట):
బాబాయ్ గారూ, మీరు అడిగాక అద్దంలో చూసుకున్నాను. కుడివైపు పై దవడ పళ్లు రెండు మూడేళ్ల క్రితం తీయించుకున్నాను. నిజంగానే కుడి బుగ్గే ఎక్కువ లోపలికి ఉంది! ఇన్నాళ్లూ అటువైపు తిరిగి పడుకోవడం వల్ల అనుకున్నాను.

డాక్టర్ గారూ, దవడ దగ్గర వేలాడేది ఇంకా మిగిలిన కొవ్వా, చర్మమా? కొవ్వయితే ఇంకో నాలుగు కిలోలు తగ్గుతాను.

చర్మవైద్యురాలు (సూర్యారావుపేట):
సుబ్బారావు గారు మంచి ప్రశ్న అడిగారు. ఫొటో కూడా లేకుండా నేను పళ్ల గురించి ఆలోచించలేదు.

ఇంట్లోనే ఒక పరీక్ష చేయండి. మంచం మీద వెల్లకిలా పడుకుని చేతి అద్దాన్ని ముఖానికి ఎదురుగా పట్టుకోండి. బుగ్గలు చెవుల వైపు జారి, దవడ అంచు గీసినట్టు కనిపిస్తే అది ఎక్కువగా వదులు చర్మమే. తర్వాత లేచి కూర్చుని గడ్డం కింద రెండు వేళ్లతో పట్టుకోండి. చీర మడతలా పలుచగా వస్తే చర్మం, మెత్తగా మందంగా వస్తే కొవ్వు. చర్మమైతే ఇంకో నాలుగు కిలోలు తగ్గితే దవడ తేలదు, ఇంకా వదులవుతుంది. దూది తీసిన దిండు గలేబును ఇంకా దూది తీసి బిగించలేం కదా.

సెల్ఫీలు చూసి బాధపడకండి. చేయి చాచినంత దూరం నుంచి తీస్తే ముక్కు పెద్దదై, ముఖం నిష్పత్తి మారిపోతుంది. ఒకటిన్నర మీటర్ల దూరంలో ఫోను పెట్టి, అదే కిటికీ వెలుగులో, అదే వేళకు నెలకొక ఫొటో తీయండి.

వాసంతి (పటమట):
చేశాను. పడుకుంటే దవడ గీత చక్కగా కనిపించింది. పెళ్లినాటి ఫొటోలో చూసుకున్నట్టు అనిపించి కాసేపు అద్దం దించలేదు. కూర్చుంటే మళ్లీ మామూలే. గడ్డం కింద పలుచగానే వచ్చింది.

బ్రాడీపేట ట్రైనర్:
గమ్ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ వేగం సంగతి వదలను. ఐదు నెలలూ ఒకేలా తగ్గారా? మొదటి నెల ఎంత?

వాసంతి (పటమట):
మొదటి నెలలోనే ఐదున్నర కిలోలు. తర్వాత నెమ్మదించింది.

చర్మవైద్యురాలు (సూర్యారావుపేట):
మొదటి నెల తగ్గినదాంట్లో నీరు కూడా చాలా ఉంటుంది. అన్నం తగ్గించగానే ఒంట్లో దాచిన పిండిపదార్థం ఖర్చై, దానితో కట్టుబడిన నీరూ పోతుంది. ముఖం ముందు తేలికపడేది అందుకే. అయినా ట్రైనర్ గారి అనుమానాన్ని కొట్టిపారేయను. నెమ్మదిగా తగ్గితే ఆమె చర్మం ఇంతకంటే బాగా ముడుచుకునేదా అంటే, ఆమె విషయంలో అవునని గానీ కాదని గానీ తేల్చే దారి ఇప్పుడు లేదు.

వాసంతి గారూ, 64 దగ్గర ఆరు నెలలు నిలబడండి. ఇంకా తగ్గవద్దు, పెరగవద్దు. ఎండలోకి వెళ్లేటప్పుడు సన్‌స్క్రీన్ రాసుకోండి, మన బెజవాడ ఎండ చర్మం సాగే గుణాన్ని తినేస్తుంది. బరువు ఊగుతుండగా బుగ్గ నింపే ఫిల్లర్ ఇంజెక్షన్లు వేయించుకుంటే డబ్బు వృథా, ముఖం తీరు ఇంకా మారుతుంటుంది. ఆరు నెలల తర్వాత కూడా బుగ్గ పల్లంగా ఉంటే అప్పుడు కొలిచి కొద్దిగా నింపవచ్చు. దవడ దగ్గరి వదులుకు మాత్రం ఫిల్లర్ ఎక్కించి బరువు పెంచనివ్వకండి. ఈలోగా కుడివైపు పళ్లు చూపించుకోండి.

ఇంకొక్క మాట. తిండి తగ్గించకుండానే, నడక లేకుండానే కిలోలు వాటంతటవే పోతుంటే అది ఈ చర్చలోది కాదు. వెంటనే రక్తపరీక్షలు చేయించాలి.

కాలేజీ లెక్చరర్ (గుంటూరు):
ఆరు నెలలు ఆగితే 46 ఏళ్ల చర్మం ముడుచుకుంటుందని హామీ ఇస్తారా?

చర్మవైద్యురాలు (సూర్యారావుపేట):
ఇవ్వను. కొంత ముడుచుకుంటుంది. పొగ, ఎండ, పుట్టుకతో వచ్చిన చర్మం తీరు, ఎన్నేళ్లు ఆ బరువు మోశారు, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. పాతిక ఏళ్లనాటి దవడ మాత్రం తిరిగి రాదు.

వాసంతి (పటమట):
78 కిలోలు నేను పద్నాలుగేళ్లు మోశాను, రెండో కాన్పు నుంచి. సోమవారం పళ్ల డాక్టరు దగ్గరకు వెళుతున్నాను. ఈరోజు మొదటి ఫొటో తీసుకున్నాను, వంటగది కిటికీ దగ్గర, పొద్దున ఎనిమిదింటికి.