తొలగించిన వాచ్‌మనా, తొలగించబడిన వాచ్‌మనా?

సుజాత, మారతహళ్లి: బెంగళూరులో మా తెలుగు సంఘం వార్షిక నివేదిక రాసే పని ఈసారి నా నెత్తిన పడింది. స్టోర్‌రూమ్ గొడవ గురించి ఇలా రాశాను:

"ఏప్రిల్ 6న స్టోర్‌రూమ్ పరిశీలించబడింది. తాళం పగలగొట్టబడి ఉన్నట్టు గుర్తించబడింది. రెండు స్పీకర్లు కనబడలేదు. వాచ్‌మన్‌ను ప్రశ్నించడం జరిగింది. కొత్త తాళం వేయబడింది."

మా అమ్మాయి చదివి "ఏంటమ్మా, లిఫ్ట్ మాట్లాడినట్టుంది" అంది. నిజమే అనిపించింది. కానీ ఎలా మార్చను? తాళం ఎవరు పగలగొట్టారో మాకే తెలీదు.

కిరణ్: 'బడు' తెలుగే కాదండీ, ఇంగ్లీషు నుంచి దించుకున్నది. ఫైండ్‌లో 'బడ' అని కొట్టి, దొరికినవన్నీ మార్చేయండి.

శాస్త్రి మాస్టారు: కిరణ్, అలా చేస్తే 'కనబడలేదు' కూడా ఎగిరిపోతుంది. అది ఏ రోబో మాటా కాదు, ఇంట్లో రోజూ అనేదే. పైగా 'బడు' బాలవ్యాకరణంలోనే ఉంది. ఇంగ్లీషు వల్ల వాడకం పెరిగిందంటే ఒప్పుకుంటాను.

సుజాతగారూ, చేసినవాళ్ల పేరు రాయకపోయినా తెలుగు వాక్యం నడుస్తుంది. "మా వీధి తవ్వేశారు" అంటాం, ఎవరు అని అడగం. ఇంగ్లీషులో తాళాన్ని వాక్యం మొదట పెట్టాలంటే చాలాసార్లు పాసివ్ కావాలి. మనకి అక్కర్లేదు. "తాళం కొత్తది వేశాం" అంటే తాళం ముందే ఉంది కదా.

ఒక్క జాగ్రత్త. 'వేశారు' అంటే రాసినవాళ్లు కాక వేరేవాళ్లు అని అర్థం వస్తుంది. వేసింది మీ కమిటీయే అయితే 'వేశాం' అనండి. 'పరిశీలించాం', 'వాచ్‌మన్‌ను అడిగాం' కూడా అంతే. సంతకం మీదే కాబట్టి దాచడానికేముంది? 'ప్రశ్నించడం జరిగింది' అయితే 'బడు'కి వేషం మార్చడమే.

ఇక తాళం. 'పగిలింది' అంటే తుప్పు పట్టి దానంతటదే ఊడినట్టుంటుంది. 'పగలగొట్టారు' అంటే మనుషుల మీదికి పోతుంది. మీరు చూసింది చూసినట్టు చెప్పాలంటే "తాళం పగలగొట్టి ఉంది" చాలు. గోడ మీద రాసి ఉంది, తలుపు మూసి ఉంది అన్నట్టే.

పద్మ: మా ఫ్లాట్‌లో పైనుంచి నీళ్లు కారుతుంటే అసోసియేషన్‌వాళ్లు "త్వరలో చర్య తీసుకోబడుతుంది" అని రాసిచ్చారు. మూడు నెలలైంది. దీని మీద ఎవరికి ఫిర్యాదు చేయాలి?

కిరణ్: పద్మగారూ, ఇక్కడ వాక్యాల లీకేజీ మాత్రమే చూస్తాం 😀

శాస్త్రి మాస్టారు: నవ్వకు, మంచి ఉదాహరణే ఇచ్చారు. అక్కడ ఎవరు తీసుకుంటారో ఉద్దేశపూర్వకంగానే తప్పించారు. పద్మగారూ, ఫలానా తేదీలోపు ఎవరు వచ్చి చూస్తారో రాసివ్వమనండి. ఆ వాక్యంలో 'బడు' ఇమడదు.

సుజాత: ధన్యవాదాలు మాస్టారూ. మొత్తం తిరగరాశాను. చివరి భాగం చూడండి:

"ఏప్రిల్ 6న స్టోర్‌రూమ్ పరిశీలించాం. తాళం పగలగొట్టి ఉంది. రెండు స్పీకర్లు కనబడలేదు. కొత్త తాళం వేశాం. తొలగించిన వాచ్‌మన్ పాత తాళంచెవి ఇంకా ఇవ్వలేదు."

శాస్త్రి మాస్టారు: అయ్యో, చివరి వాక్యంలో కొంప మునిగింది. ఏం తొలగించిన వాచ్‌మన్? స్పీకర్లా? మీ ఉద్దేశం అతన్ని పనిలోంచి తీసేశారని. పైన స్పీకర్లు మాయమయ్యాయని రాసి, కింద ఇలా అంటే చదివేవాడు అతనే దొంగ అనుకుంటాడు.

'రాసిన ఉత్తరం' అంటే ఇబ్బంది లేదు, ఉత్తరం తనంతట తాను రాయదు. మనిషి పక్కన పెడితేనే చిక్కు. 'పంపిన మనిషి' అంటే పంపినవాడా, మనం పంపితే వెళ్లినవాడా? చుట్టూ ఉన్న మాటల్ని బట్టి తెలియకపోతే 'బడు' ఉండనివ్వాల్సిందే. 'తొలగించబడిన వాచ్‌మన్' అనండి. బరువుగా ఉన్నా నింద పడదు.

లక్ష్మి, జయనగర్: "మేం పనిలోంచి తీసేసిన వాచ్‌మన్" అంటే సరిపోదా? నేను అనువాదాలు చేస్తాను, 'బడిన' కనిపిస్తే ముందు కర్త దొరుకుతుందేమో వెతుకుతాను. అలాగే 'ఎన్నుకున్న సభ్యులు' అంటే ఓటేసినవాళ్లూ కావచ్చు. అక్కడ 'ఎన్నికైన' ఉండగా 'ఎన్నుకోబడిన' ఎందుకు?

శాస్త్రి మాస్టారు: మీ వాక్యం నాదానికంటే మెరుగు. అయితే తీసేసింది కమిటీయో, సెక్యూరిటీ ఏజెన్సీయో తేలనప్పుడు 'మేం' అనలేరు.

సుజాత: తేలలేదు మాస్టారూ! మేం వద్దన్నామని ఏజెన్సీవాళ్లు, వాళ్లే మార్చారని మా కార్యదర్శి. 'తొలగించబడిన' అనే ఉంచేస్తాను.

కిరణ్: సరే, ఒకటి మిగిలిందన్నమాట. మరి "తీర్మానించడమైనది"?

లక్ష్మి: మినిట్స్‌లో ఉండొచ్చు. తీర్మానం సభది, ఒక్కరిది కాదు.

శాస్త్రి మాస్టారు: 'సభ తీర్మానించింది' అంటే సభకేమైనా లోటా?

లక్ష్మి: లోటేం లేదు. కానీ పాత మినిట్స్ పుస్తకంలో అన్ని పేజీలూ అలాగే ఉంటే, ఒక్క పేజీ మార్చడానికి నాకు చెయ్యి రాదండీ.